పదహారో తారీఖున చేరాను: ఏడాది మధ్యలో చేరినవాడి వేరియబుల్ పే కథ

2023 జూన్ 30, శుక్రవారం. సాయంత్రం నాలుగున్నరకి ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ మోగింది. అప్పుడు నేను బిస్సంకటక్ రోడ్డులో ఒక రైతు ఇంటి ముందు, ట్రాక్టర్ లోను కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్నాను. జీతంతో పాటు వేరియబుల్, అంటే ఏడాది పనితీరుని బట్టి ఇచ్చే డబ్బు కూడా పడే రోజు అది. మెసేజ్ తెరిచి చూశాను, లెక్క కుదరలేదు. మళ్ళీ చూశాను. జీతం పోను మిగిలింది 15,750 రూపాయలు. ఇంట్లో నేను చెప్పి ఉంచినది 50,000కి పైమాటే.

రైతు ఒడియాలో "కొణొ హేలా సార్?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

మాది గుణుపూర్. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, బజారులో సగం తెలుగు, సగం ఒడియా. 2022లో రాయగడలో ఒక వాహన రుణాల కంపెనీ బ్రాంచిలో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 6,00,000 అని ఉంది. అందులో 5,10,000 నెలనెలా వచ్చే జీతం, మిగతా 90,000 వేరియబుల్. పనితీరు ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా, డబ్బు పడేది ఆ తర్వాతి జూన్‌లో. కింద చిన్న అక్షరాల్లో, మధ్యలో చేరినవాళ్ళకి ప్రో-రేటా అని రాసి ఉంది. చేరిన నెలల మేరకు ఇస్తారు, అంతే కదా అనుకుని సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటలో ఎన్ని లెక్కలు దాక్కుంటాయో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

చేరమన్నది 12 ఆగస్టు 2022, శుక్రవారం. శ్రావణ శుక్రవారం, ఇంట్లో పూజ. శని, ఆదివారాలు ఎలాగూ సెలవు, సోమవారం పదిహేనో తారీఖు జెండా పండుగ. మంగళవారం చేరతానని మెయిల్ పెట్టాను, సరే అన్నారు. అలా 16న చేరాను. కంపెనీ పాలసీ ప్రకారం పదిహేనో తారీఖు లోపు చేరితే ఆ నెల లెక్కలోకి వస్తుంది, దాటితే తర్వాతి నెల నుంచి మొదలు. ఆ సంగతి నాకు పది నెలల తర్వాత తెలిసింది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలు. పన్నెండో వంతులు ఏడు తీసుకుంటే 90,000లో నా వాటా 52,500. నేను ఇంట్లో చెప్పిన 50,000 ఇందులోంచే వచ్చింది. కంపెనీ బాగా లేకపోతే కాస్త తగ్గుతుందని ముందే కొంచెం తగ్గించి చెప్పాను కూడా.

ఆ డబ్బుకి పని ముందే ఉంది. రాయగడలో ఇల్లు తీసుకున్నప్పుడు అడ్వాన్సుకీ, సామాన్ల రవాణాకీ మా ఆవిడ గాజులు కుదువ పెట్టి 45,000 తెచ్చాం. నెలకి నూటికి రూపాయి వడ్డీ, అంటే 450. జూన్ జీతంతో విడిపిస్తానని మాట ఇచ్చాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే "ఏమండీ, పడ్డాయా?" అని అడిగింది. పడ్డాయి కానీ తక్కువ పడ్డాయన్నాను. ఎంత తక్కువో రాత్రి అన్నం తిన్నాక చెప్పాను.

ఆ రాత్రే కంపెనీ పోర్టల్ తెరిచి కూర్చున్నాను. జూన్ 8న వచ్చిన లెటర్‌లో నా రేటింగ్ `Meets` అని ఉంది. అది చూసి నిశ్చింతగా ఉండిపోయాను. ఆ లెటర్‌లో ఎక్కడా రూపాయల్లో అంకె లేదు. దాని కింద ఇంకో లంకె ఉంది, స్కోర్‌కార్డ్ అని. ఆ లంకెను జూన్ 30 రాత్రి దాకా నేను నొక్కలేదు. నొక్కితే ఇలా కనిపించింది:

```
Eligible Months: 7
Annual Target: 360.00
Achieved: 205.00
Achievement: 57%
Payout on Disbursement: 0
```

అంకెలు లక్షల్లో. నా వేరియబుల్‌లో నూటికి 70 పాళ్ళు లోన్ల పంపిణీ మీద, 30 పాళ్ళు వసూళ్ళ మీద. పంపిణీలో 80 శాతం దాటితేనే ఆ 70లో ఏమైనా వస్తుంది, దాటకపోతే సున్నా. వసూళ్ళలో నాకు పూర్తి మార్కులు పడ్డాయి. అందుకని 52,500లో 30 శాతం, అంటే 15,750 వచ్చింది. కంపెనీ ఫలితాల గుణకం ఆ ఏడాది 1 కాబట్టి అక్కడ పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు.

నేను 2 కోట్ల 5 లక్షల లోన్లు ఇప్పించాను. టార్గెట్ 3 కోట్ల 60 లక్షలట. కానీ ఆ టార్గెట్ పన్నెండు నెలలది. నేను ఉన్నది ఏడు నెలలు. డబ్బు ఇచ్చేటప్పుడు ఏడు నెలలకే ఇచ్చారు, పని కొలిచేటప్పుడు పన్నెండు నెలల గరిటెతో కొలిచారు. అంటే ఒకే కారణానికి రెండుసార్లు కోత. ఇది చూడగానే కోపం రాలేదు, సంతోషం వేసింది. తప్పు నాది కాదు, లెక్కది, రేపు చెబితే సరిచేస్తారు అనుకున్నాను.

జూలై 1న పోర్టల్‌లో ఫిర్యాదు టికెట్ పెట్టాను. 5న మూసేశారు. "As per policy" అని ఒక్క ముక్క. మళ్ళీ తెరిపించి, ఈసారి పెద్దగా రాశాను. 7న జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. ఫలితాల మీద అభ్యంతరాలు చెప్పే గడువు లెటర్ వచ్చిన రోజు నుంచి పది పనిదినాలు, అది జూన్ 22న ముగిసింది. పైగా ఆ టార్గెట్‌ను మీరే 21 సెప్టెంబరు 2022న ఒప్పుకున్నారు.

గుండె జారింది. అవును, నేనే ఒప్పుకున్నాను. చేరిన నెల రోజులకి పోర్టల్‌లో గోల్ షీట్ అని వచ్చింది, ఒప్పుకుంటే గానీ ఆ పసుపు రంగు గుర్తు పోదని ఆపరేషన్స్ అమ్మాయి చెప్పింది. చదవకుండా `Accept` నొక్కాను. తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఆ షీట్ నా కోసం తయారు చేసింది కాదు. నాకంటే ముందు ఆ సీట్లో ఉన్నాయన జూలైలో మానేశాడు. అతనికి ఏప్రిల్‌లో ఇచ్చిన పన్నెండు నెలల టార్గెట్ ఆ పోస్టుకి అతుక్కుని ఉండిపోయింది. నేను ఆ పోస్టులోకి రాగానే సిస్టమ్ దాన్ని నా పేరు మీదకి కాపీ చేసింది. కొత్తవాడు చేరిన ముప్పై రోజుల్లో రిపోర్టింగ్ మేనేజర్ దాన్ని సవరించాలి. ఆయన సవరించలేదు, నేను చూడలేదు. మానేసినాయన ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇప్పించిన లోన్లు మాత్రం ఎవరి ఖాతాలోకీ రాలేదు. అవి గాల్లో ఉన్నాయి, వాటి టార్గెట్ నా నెత్తిన ఉంది.

జూలై 10న ఏరియా మేనేజర్ గారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, కానీ ఆయన మాట నన్ను ఇబ్బందిలో పెట్టింది. "నువ్వు చేరింది సెప్టెంబరు నుంచి. దసరా, దీపావళి, పత్తి డబ్బు చేతికొచ్చే నెలలు, అన్నీ నీకే వచ్చాయి. ఏప్రిల్, మే, వానాకాలం మొదట్లో ఎవడు బండి కొంటాడు? పన్నెండింట ఏడు అని టార్గెట్ కోసేస్తే నీకు లాభమే కదా" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. మా దగ్గర గుణుపూర్, బిస్సంకటక్, మునిగుడ చుట్టుపక్కల పత్తి చేతికొచ్చాకే ట్రాక్టర్లూ, గూడ్స్ ఆటోలూ కదులుతాయి. నెలవారీగా సమానంగా పంచడం సరైన పద్ధతి కాదని ఎవరైనా వాదించొచ్చు. కానీ అలా వాదించాలంటే సీజన్ ప్రకారం లెక్క కట్టి ఏడు నెలలకి 2 కోట్ల 30 అనో 40 అనో పెట్టాలి. ఏడు నెలలకి పన్నెండు నెలల టార్గెట్ పెట్టడానికి సీజన్ సాకు కాదు. ఈ మాట ఆయనతో అప్పుడు చెప్పలేకపోయాను, ఫోన్ పెట్టేశాక స్నానం చేస్తుంటే తట్టింది. మంచి జవాబులన్నీ నాకు అక్కడే తడతాయి.

ఆయనతో మాట్లాడిన ఆ ఫోన్ వల్లే నాకు అసలు ఆధారం దొరికింది. పెట్టేసే ముందు ఆయన "నెలకి 30 లక్షలు చెయ్యమన్నాను, నువ్వు దాదాపు చేశావు, నేనెప్పుడైనా నిన్ను ఏమన్నా అన్నానా" అన్నారు. నెలకి 30 లక్షలు! ఆయన ప్రతి నెలా మొదటి వారంలో రివ్యూ మెయిల్ పంపేవారు, బ్రాంచివారీగా, మనిషివారీగా టార్గెట్, సాధించింది. మెయిల్ బాక్స్‌లో వెతికాను. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు మెయిళ్ళు. ప్రతిదాంట్లో నా పేరు పక్కన టార్గెట్ 30. ఏడు ముప్పైలు 210. అంటే కంపెనీయే తన చేతులతో నాకు 2 కోట్ల 10 లక్షల టార్గెట్ ఇచ్చి, ఏడాది చివర 3 కోట్ల 60 లక్షలతో కొలిచింది. పాలసీ గురించి నేను రాసిన రెండు పేజీల కంటే ఈ ఏడు మెయిళ్ళే పని చేశాయి.

మెయిళ్ళు అంటించి మళ్ళీ టికెట్ పెట్టాను. పది రోజులు చప్పుడు లేదు. ఈలోగా మా ఆవిడ ఏమీ అడగడం మానేసింది, అది ఇంకా కష్టంగా ఉండేది. మా అమ్మ మాత్రం గుణుపూర్ నుంచి ఫోన్ చేసి, "ఒరేయ్, మాఝిఘరియాణి అమ్మవారికి మొక్కుకో, డబ్బులు అవే వస్తాయి" అంది. మొక్కుకున్నాను, దానితో పాటు భువనేశ్వర్‌కి రైలు టికెట్ కూడా తీశాను. 23 జూలై ఆదివారం రాత్రి హీరాఖండ్ ఎక్కి, సోమవారం పొద్దున్న దిగి, స్టేషన్‌లోనే మొహం కడుక్కుని రీజినల్ ఆఫీసుకి వెళ్ళాను. రానూపోనూ, తిండితో కలిపి 1,400 అయ్యింది. ఒక సెలవు పోయింది.

హెచ్ఆర్ మేడమ్ ఇరవై నిమిషాలు ఇచ్చారు. హిందీలోనూ, నా వచ్చీ రాని ఆఫీసు ఒడియాలోనూ మాట్లాడుకున్నాం. ఆవిడ మెయిళ్ళు చూసి, క్యాలిక్యులేటర్ తీసి, ఐదు నిమిషాల్లో అర్థం చేసుకున్నారు. "టార్గెట్ ప్రో-రేట్ చెయ్యలేదు, అంతే" అన్నారు. నెల రోజుల టికెట్లలో ఎవరూ అనని మాట.

నాకు ధైర్యం వచ్చి ఇంకో కోరిక కూడా బయటపెట్టాను. నేను 16న చేరాను కదా, రోజుల లెక్కన 228 రోజులు, 365లో 228 అంటే 56,219 రావాలి, నెలల లెక్కన 52,500 ఇస్తున్నారు, పదహారు రోజులు పోతున్నాయి అన్నాను. ఆవిడ నవ్వి, కాగితం తిప్పి లెక్క వేసి చూపించారు. రోజుల లెక్క అడిగితే టార్గెట్ కూడా రోజుల లెక్కనే పెరగాలి కదా. 360లో 228 రోజుల వాటా దాదాపు 225 లక్షలు. నేను చేసింది 205. అంటే 91 శాతం. నెలల లెక్కన అయితే 210కి 205, అంటే 97.6 శాతం. చివరికి రోజుల లెక్కన వచ్చేది 52,740, నెలల లెక్కన వచ్చేది 51,625. తేడా పదకొండు వందల చిల్లర. దీనికోసం పాలసీ మార్పించాలా అన్నారు. వద్దన్నాను.

తిరుగు ప్రయాణంలో ఆ కాగితం వెనకాల ఇంకో లెక్క వేశాను. శ్రావణ శుక్రవారం పూజ మానుకుని పన్నెండునే చేరి ఉంటే? ఎనిమిది నెలలు, వాటా 60,000. అప్పటిదాకా ఆ పూజ వల్ల 7,500 పోయిందని మనసులో ఒక మూల కుళ్ళుకుంటూ ఉన్నాను. కానీ అప్పుడు టార్గెట్ 240 అయ్యేది. ఆగస్టులో నాకు లోన్ సిస్టమ్ లాగిన్ ఐడీయే రాలేదు, మొదటి రెండు కేసులు బ్రాంచ్ మేనేజర్ కోడ్ మీద వెళ్ళాయి. కాబట్టి సాధించింది అదే 205. 85 శాతం. మొత్తం 53,875. అంటే నష్టం 2,250 మాత్రమే. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఇది చెబితే, "అంటే ఇన్నాళ్ళూ నా పూజ మీద ఏడ్చారా?" అంది. చెప్పకుండా ఉండాల్సింది.

సరిచేస్తామన్నాక కూడా డబ్బు రావడానికి రెండు నెలలు పట్టింది. ముందు ఏరియా మేనేజర్ గారు పాత గోల్ షీట్ సవరణకి పోర్టల్‌లో ఒప్పుకోవాలి, తర్వాత జోనల్, ఆ తర్వాత ముంబైలో జీతాల విభాగం. మూసేసిన ఏడాది షీట్ తెరవాలంటే ముగ్గురూ నొక్కాలట. ఏరియా మేనేజర్ గారు ఆగస్టు 22న నొక్కారు. ఆ నెల పేరోల్‌కి గడువు 20. రెండు రోజుల తేడాతో నెల జారిపోయింది. ఆయన్ని తప్పుపట్టలేను, ఆ వారం ఆయన కలెక్షన్ల మీద కోరాపుట్‌లో తిరుగుతున్నారు. కానీ ఆ రెండు రోజుల విలువ నాకు ఇంకో 450 వడ్డీ.

29 సెప్టెంబరు 2023న మిగతా 35,875 పడింది. మొదటి మెసేజ్ వచ్చిన 91 రోజులకి. జీతం స్లిప్‌లో దాన్ని ఎరియర్స్ అని చూపించారు. పీఎఫ్ కొయ్యలేదు, వేరియబుల్ మీద మాకు కొయ్యరు. నా ఆదాయానికి ఆ ఏడాది కొత్త పద్ధతిలో పన్ను కూడా పడలేదు. అక్టోబరు మొదటి వారంలో గాజులు విడిపించాం. ఆలస్యం వల్ల కట్టిన అదనపు వడ్డీ 1,350. భువనేశ్వర్ ఖర్చుతో కలిపితే 2,750. 35,875 కోసం అంత ఖర్చు పెట్టొచ్చు, కానీ చదవకుండా ఒక బటన్ నొక్కినందుకు అనుకుంటే ఎక్కువే.

ఇక వెళ్ళిపోయేటప్పటి సంగతి. ఇది చిన్నదే, కానీ ఇక్కడ పోయే డబ్బు పెద్దది.

2024 ఏప్రిల్‌లో జయపురంలో ఇంకో కంపెనీ పిలిచింది. వెంటనే రమ్మన్నారు. మా గుణుపూర్ బ్రాంచిలో ఒక ఒడియా భాయ్‌నా, అంటే అన్న ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, పనిలో దిట్ట. ఆయనకి కూడా అదే సమయంలో వేరే చోట ఉద్యోగం వచ్చింది. 20 మే 2024న రాజీనామా పెట్టాడు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నిండు ఏడాది పని చేశాడు, టార్గెట్ దాటాడు, రేటింగ్ అందరికంటే పైన. జూన్ 28న ఆయనకి వేరియబుల్ సున్నా పడింది. పాలసీలో ఉన్నది ఇదీ: డబ్బు వేసే రోజున ఉద్యోగంలో ఉండాలి, నోటీస్ పీరియడ్‌లో ఉండకూడదు. ఆయన నోటీసులో ఉన్నాడు. "నేను పని చేసిన ఏడాదే కదా, అయిపోయిన ఏడాది కదా" అని ఆయన నాతో కనీసం పదిసార్లు అన్నాడు. నాలుగు మెయిళ్ళు పెట్టాడు. మొదటిదానికి తప్ప దేనికీ జవాబు రాలేదు. ఆ జవాబులో వేరియబుల్ కంపెనీ విచక్షణ మీద ఇచ్చేది అని ఉంది. ఆఫర్ లెటర్‌లోనూ అదే మాట ఉంది, నాదాంట్లో కూడా ఉంది.

ఆయన్ని ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. వాళ్ళ బ్రాంచి ఆఫీస్ బాయ్ 2022 డిసెంబరులోనే మానేశాడు. అతనికి తర్వాతి ఏడాది నవంబరులో బోనస్ డబ్బు అకౌంట్లో పడింది, పని చేసిన నెలల మేరకు. "వాడు మానేసినా ఇచ్చారు, నాకెందుకు ఇవ్వరు?" అని. నేను కూడా అప్పటిదాకా రెండూ ఒకటే అనుకున్నాను. ఆ కుర్రాడికి వచ్చింది 1965 నాటి బోనస్ చట్టం ప్రకారం వచ్చే బోనస్. అప్పట్లో ఆ చట్టం కింద నెల జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి 21,000 లోపు ఉండి, ఆ ఏడాదిలో కనీసం 30 పనిదినాలు చేసినవాళ్ళకి అది హక్కు, మానేసినా పోయేది కాదు, లెక్కల ఏడాది ముగిసిన ఎనిమిది నెలల్లోపు ఇవ్వాల్సి ఉండేది. మాకు వచ్చేది కంపెనీ పెట్టుకున్న స్కీము. దాని షరతులు కంపెనీవి. జీతం అంతకంటే ఎక్కువ ఉన్న మాకు ఆ చట్టం వర్తించలేదు.

నోటీసులో ఉంటే డబ్బు పడదన్న ఆ షరతు చూశాను కాబట్టి నేను ఆగాను. జయపురం వాళ్ళకి సెప్టెంబరు దాకా రాలేనని చెప్పాను. వాళ్ళు మొహం చిట్లించారు కానీ ఒప్పుకున్నారు. ఆ మే, జూన్ నెలలు చాలా టెన్షన్‌గా గడిచాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పకూడదు, రివ్యూ మీటింగుల్లో వచ్చే ఏడాది ప్లాన్ చెప్పాలి. ఏరియా మేనేజర్ గారి మొహం చూడలేకపోయేవాణ్ణి. 28 జూన్ 2024, శుక్రవారం, నిండు ఏడాదికి 85,500 పడింది. జూలై 1, సోమవారం పొద్దున్న రాజీనామా పెట్టాను. ఏరియా మేనేజర్ గారు ఫోన్ చేసి, "డబ్బు పడేదాకా ఆగావు కదరా" అన్నారు. అవును సార్ అన్నాను. కాసేపు ఆగి, "నేనైనా అదే చేస్తాను" అన్నారు.

60 రోజుల నోటీసు, చివరి రోజు ఆగస్టు 30. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నేను పని చేసిన ఐదు నెలలకి ప్రో-రేటా వేరియబుల్ వస్తుందా అని హెచ్ఆర్ మేడమ్‌ని అడిగాను, రాదని తెలిసే అడిగాను. పదవీ విరమణ అయితే, మరణిస్తే, గ్రూపులో వేరే కంపెనీకి బదిలీ అయితే నెలల లెక్కన ఇస్తారట. సొంతంగా మానేసినవాడికి మార్చి 31న ఉద్యోగంలో లేకపోతే ఏమీ లేదు. చేరేవాడికి ప్రో-రేటా ఉంది, వెళ్ళేవాడికి లేదు. అక్టోబరు 14న వచ్చిన తుది లెక్కల కాగితంలో ఆ వరస ఎదురుగా సున్నానే ఉంది. నెలకి 7,500 చొప్పున ఐదు నెలలకి 37,500.

ఆ నష్టాన్ని నేను కొత్త కంపెనీతో మాట్లాడేటప్పుడే ముందు పెట్టాను. ఇంత వదులుకుని వస్తున్నాను, చేరేటప్పుడు ఇవ్వండి అన్నాను. 30,000 ఒప్పుకున్నారు, పన్నెండు నెలల లోపు మానేస్తే తిరిగి ఇవ్వాలనే షరతుతో. దాంతో పాటు ఆఫర్ ఒప్పుకునే ముందు మెయిల్‌లో మూడు ప్రశ్నలు అడిగాను. ఏ తారీఖు దాటి చేరితే ఆ ఏడాది వేరియబుల్ ఉండదు? రోజుల లెక్కా, నెలల లెక్కా? టార్గెట్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందా? రెండు రోజుల్లో జవాబు వచ్చింది. సెప్టెంబరు 30 తర్వాత చేరితే ఆ ఏడాదికి అసలు ఏమీ లేదు. రోజుల లెక్క. టార్గెట్ తగ్గుతుంది, మేనేజర్ సవరిస్తారు. మొదటి జవాబు చదివి చెమట పట్టింది. నోటీసు అయ్యాక ఒక నెల ఊళ్ళో ఉండి, అక్టోబరులో చేరదామని మా ఆవిడా నేనూ అనుకుంటూ ఉన్నాం.

2 సెప్టెంబరు 2024న జయపురంలో చేరాను. 19న పోర్టల్‌లో గోల్ షీట్ వచ్చింది. తెరిచి చూశాను. టార్గెట్ `480.00`. పన్నెండు నెలలది.

నవ్వొచ్చింది. కొత్త మేనేజర్ గారి దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్ళాను. ఆయన "ఒప్పేసుకోండి, తర్వాత చూద్దాం, అది రిమైండర్లు పంపుతూనే ఉంటుంది" అన్నారు. పంపనివ్వండి సార్ అన్నాను. మూడు రిమైండర్లు వచ్చాయి. నాలుగో రోజున షీట్ మారింది, `277.48`. అప్పుడు నొక్కాను.